ఐదూ నలభైమూడు

ఆ అక్క బొటనవేలు మిషన్‌కు ఎప్పుడూ ఒక్కసారికి పట్టుబడేది కాదు. వేలు పెడితే ఎర్రలైటు వెలిగేది. కొంగుకు తుడుచుకుని మళ్లీ పెడితే మళ్లీ ఎర్రలైటే. మూడోసారి వేలిమీద నోటితో వెచ్చగా ఊది పెట్టేది. అప్పుడు పచ్చలైటు వెలిగి కుయ్యిమనేది. ఈలోగా వెనక లైన్లో ఉన్నవాళ్లు "అక్కా, బిన్నా కానీ, బస్సు పోతాది" అని ఒకటే గోల.

మొన్న రేషన్ దగ్గర ఒక పెద్దావిడ అచ్చం అలాగే వేలు ఊదుకుంటూ నిలబడి ఉంటే, ఉన్నట్టుండి చిత్తూరు దగ్గర మా మామిడి గుజ్జు ఫ్యాక్టరీ గేటు కళ్ల ముందుకొచ్చింది. అక్కడ నేను పదేళ్లు సూపర్‌వైజరుగా చేశాను. ఫ్యాక్టరీ పేరు చెప్పను. చెప్పినా చెప్పకపోయినా ఈ కథ మారదు.

మా వైపు మామిడి సంగతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. మే నెల సగం నుంచి ఆగస్టు సగం దాకా ఫ్యాక్టరీ నడుస్తుంది, మిగతా ఏడాదంతా వాచ్‌మన్లూ మెకానిక్కులూ తప్ప ఎవరూ ఉండరు. వచ్చేదంతా తోతాపురి కాయే. బంగారుపాళ్యం, దామలచెరువు వైపు నుంచి ట్రాక్టర్లు వచ్చి గేటు బయట రోడ్డు పొడుగునా నిలబడేవి. కాయను మాగబెట్టే గదుల్లో పెట్టి, పండాక నీళ్ల తొట్లలో కడిగి, బెల్టు మీదకు వదులుతారు. బెల్టుకు అటూ ఇటూ ఆడవాళ్లు నిలబడి తొడిమ కోసి, కుళ్లు తీసి, చెడ్డ పండు ఏరి పక్కన పెడతారు. ఆ తర్వాతంతా మిషన్ల పనే. టెంక వేరై, గుజ్జు వడకట్టి, వేడి చేసి, చల్లార్చి, చివరికి డ్రమ్ముల్లోకి పోతుంది.

తోతాపురి తొడిమ దగ్గర కోయగానే సొన కారుతుంది. మామిడి సొన చర్మానికి తగిలితే మండుతుంది, నల్లగా మచ్చ పడుతుంది. గ్లౌజులు ఇచ్చేవాళ్లం, కానీ గ్లౌజుతో కత్తి జారుతుందని బెల్టు దగ్గర చాలామంది తీసేసేవాళ్లు. రోజంతా నీళ్లలో, సొనలో నానిన వేళ్ల మీద గీతలు అరిగిపోతాయి. వేలిముద్ర మిషన్ ఆ వేళ్లను చూసి ఎవరివో గుర్తుపట్టలేకపోయేది.

ఆ అక్కది గుడిపాల వైపు ఊరు. అందరూ గుడిపాలక్క అనే పిలిచేవాళ్లు, నేనూ అంతే. మేస్త్రీ తీసుకొచ్చిన మొదటి బ్యాచ్‌లోనే వచ్చింది. మాట తక్కువ, చేయి వేగం.

2014 సీజన్. రాష్ట్రం రెండైన ఏడాది. జూలై మూడో వారంలో ఒక శనివారం కూలీ చీటీలు పంచుతున్నాను. ఆ చీటీలో వారం మొత్తం గంటలు, రూపాయలు మాత్రమే ఉండేవి. ఏ రోజు ఎన్ని గంటలన్నది ఉండదు. గుడిపాలక్క చీటీ తీసుకుని పోలేదు. పక్కకు నిలబడి, అందరూ పోయాక దగ్గరికి వచ్చింది.

"సార్, మా లెక్కకూ ఈ లెక్కకూ కుదరడం లేదు సార్."

కొంగులోంచి ఒక నోటు పుస్తకం తీసింది. అట్ట మీద వాళ్ల అబ్బాయి పేరు, తొమ్మిదో తరగతి అని ఉంది. లోపల ఒక్కో రోజుకూ ఒక్కో గీత కొట్టి, గీత కింద నాలుగు టైములు. పిల్లవాడి రాత గుండ్రంగా, నీటుగా ఉంది. మిషన్ కుయ్యిమన్నప్పుడల్లా అక్క తన బటన్ ఫోన్‌లో టైము చూసుకుని గుర్తుపెట్టుకునేదట. రాత్రి ఇంటికి పోయి చెబితే అబ్బాయి రాసేవాడు. ఆ వారం వాడు కట్టిన మొత్తానికీ మా చీటీకీ మూడు గంటల పైన తేడా ఉంది.

నిజం చెప్పాలంటే నాకు అప్పుడు చిరాకే వచ్చింది. ప్రతి సీజన్‌లోనూ ఎవరో ఒకరు తక్కువొచ్చిందని అంటారు. ఎక్కువసార్లు వాళ్లే ఒక పూట మానేసి మర్చిపోయి ఉంటారు. "చూస్తాలే అక్కా, పుస్తకం ఇచ్చిపో" అన్నాను. "ఇస్తే సోమవారం దేంట్లో రాసేది సార్?" అంది. సరేనని ఆ వారం పేజీ ఒక కాగితం మీద ఎక్కించుకున్నాను.

మొదట నా అనుమానం పైసల మీద పోయింది. కూలీ లెక్కలో రూపాయి కింద ఉన్న పైసలు మా సాఫ్ట్‌వేర్ తీసేసేది, అది నాకు తెలుసు. 1,842 రూపాయల 75 పైసలైతే 1,842 ఇచ్చేవాళ్లం. కానీ వారానికోసారి పోయే పైసలు ఎంత పోయినా రూపాయి దాటవు. సీజన్ మొత్తానికి పన్నెండు రూపాయలు. మూడు గంటల తేడా అందులోంచి రాదు.

తేడా టైములో ఉందంటే మిషన్‌లోకే చూడాలి. ఆదివారం లైన్ కడిగే రోజు. ఆఫీసులో ఎవరూ లేరు. వేలిముద్ర మిషన్‌కు పెన్‌డ్రైవ్ పెట్టి, వేలు పెట్టిన ప్రతి టైమూ, అంటే పంచ్‌లన్నీ దింపుకున్నాను. ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మిషన్ దగ్గర ఉండేది నిజమైన నిమిషం. కూలీ సాఫ్ట్‌వేర్ దాన్ని తీసుకుని, తన రూలు ప్రకారం సవరించి, సవరించినది మాత్రమే దాచుకుంటుంది. నేను నాలుగేళ్లుగా సంతకాలు పెడుతున్న షీట్లన్నీ ఆ సవరించినవే. అసలు పంచ్‌లు ఎలా ఉంటాయో ఒక్కసారీ చూడలేదు. చూడాల్సిన అవసరం ఉందని కూడా తోచలేదు.

గుడిపాలక్క బుధవారం పంచ్‌లు పిల్లవాడు రాసినవాటితో సరిగ్గా సరిపోయాయి. పొద్దున 6:57కి లోపలికి. భోజనానికి 11:04కి బయటికి. 11:33కి మళ్లీ లోపలికి. సాయంత్రం 5:43కి ఇంటికి. మా సాఫ్ట్‌వేర్‌లో అదే రోజు, అదే మనిషి 7:00, 11:00, 11:45, 5:30.

నాలుగింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే గానీ బుర్రకెక్కలేదు. లోపలికి వచ్చినప్పుడల్లా టైము ముందుకు, రాబోయే పావుగంటకు జరుగుతోంది. బయటికి పోయినప్పుడల్లా వెనక్కి, దాటిపోయిన పావుగంటకు జరుగుతోంది. 11:33 అన్నది పదకొండున్నరకు మూడు నిమిషాలే దాటింది, కానీ 11:45 అయిపోయింది. 5:43 అన్నది పావు తక్కువ ఆరుకు రెండే నిమిషాలు తక్కువ, కానీ ఐదున్నర అయిపోయింది.

పొద్దున ముందొచ్చిన మూడు నిమిషాలు ఎలాగూ లెక్కలోకి రావు, షిఫ్టు ఏడుకే మొదలు. కాబట్టి అక్క నిజంగా పనిచేసింది ఏడు నుంచి 11:04 దాకా నాలుగు గంటల నాలుగు నిమిషాలు, 11:33 నుంచి 5:43 దాకా ఆరు గంటల పది నిమిషాలు. మొత్తం పది గంటల పద్నాలుగు నిమిషాలు. మేం రాసింది తొమ్మిది గంటల ముప్పావు. ఒక్క రోజులో 29 నిమిషాలు పోయాయి.

ఆ ఏడాది మా దగ్గర కూలీ ఎనిమిది గంటలకు 240. అంటే గంటకు 30, నిమిషానికి అర్ధరూపాయి. ఈ లెక్కన 29 నిమిషాలంటే పద్నాలుగున్నర రూపాయలే అనుకున్నాను. కాదు. అప్పట్లో అమల్లో ఉన్న ఫ్యాక్టరీల చట్టంలో 59వ సెక్షన్ ప్రకారం రోజుకు తొమ్మిది గంటలు దాటిన పనికి రెట్టింపు ఇవ్వాలి. ఆ రెట్టింపు మా కంపెనీ ఇచ్చేది కూడా, అందులో వంక పెట్టడానికి లేదు. కానీ పోయిన నిమిషాలన్నీ పోయేది ఆ తొమ్మిది గంటలు దాటిన భాగంలోంచే. అక్కకు మేం ఇచ్చింది 270, పైన ముప్పావుగంటకు రెట్టింపు 45, మొత్తం 315. రావాల్సింది 270 మీద 74 నిమిషాలకు నిమిషానికి రూపాయి చొప్పున 74, మొత్తం 344. తేడా 29 రూపాయలు. ఎన్ని నిమిషాలు పోతే అన్ని రూపాయలు.

ఒక్కరి ఒక్క రోజుతో ఏమీ తేలదు కదా. ఆ వారం బెల్టు దగ్గర పనిచేసిన 172 మంది ఆడవాళ్ల పంచ్‌లన్నీ ఎక్సెల్‌లో వేశాను. నాకు ఎక్సెల్ అంతంతమాత్రం, అకౌంట్స్‌లో పనిచేసే కుర్రాడికి ఫోన్ చేసి అడిగి రాసుకున్నవే ఇవి. మొదటి రెండూ సాఫ్ట్‌వేర్ చేస్తున్న పని, మూడోది దగ్గరగా ఉన్న పావుకు జరిపితే ఎలా ఉంటుందో చూడటానికి.

```
=CEILING(B2,"0:15")
=FLOOR(C2,"0:15")
=MROUND(C2,"0:15")
```

తర్వాత అసలు టైముకూ సవరించిన టైముకూ తేడా ఒక కాలమ్‌లో పెట్టి, కూలీకి లాభమైతే ప్లస్, నష్టమైతే మైనస్ వచ్చేలా చేశాను. కిందికి జరుపుతూ పోయాను. మైనస్ నాలుగు, మైనస్ పన్నెండు, మైనస్ పదమూడు, సున్నా, మైనస్ ఏడు. టీ తెచ్చిన వాచ్‌మన్ పక్కన పెట్టి పోయాడు, అది మీగడ కట్టింది. నాలుగు వేల వరసల్లో ఒక్క ప్లస్ లేదు.

రౌండ్ చేయడం తప్పు కాదు. పావుగంటలో ఎక్కడో ఒకచోట పడే నిమిషాన్ని దగ్గరగా ఉన్న పావుకు జరిపితే, ఒకసారి కూలీకి నాలుగు నిమిషాలు పోతాయి, ఇంకోసారి రెండు కలుస్తాయి. వారం తిరిగేసరికి ప్లస్సులూ మైనస్సులూ ఇంచుమించు కొట్టేసుకుంటాయి. అక్క బుధవారాన్నే ఆ లెక్కలో వేస్తే 11:00, 11:30, 5:45 వచ్చి పది గంటల పావు అయింది, నిజానికి ఒక్క నిమిషం ఎక్కువ. మాది అలా కాదు. ఎప్పుడూ ఒకే వైపుకు జరిగేది. ఒకే వైపుకైతే పంచ్‌కు సున్నా నుంచి పద్నాలుగు నిమిషాల దాకా ఏదైనా పోవచ్చు, సగటున ఏడు. పొద్దున పంచ్‌కు అందరూ ముందే వస్తారు కాబట్టి అక్కడ పోయేది లేదు. మిగిలిన మూడు పంచ్‌లకూ మూడు ఏడులు ఇరవై ఒకటి. నా ఎక్సెల్‌లో మనిషికి రోజుకు సగటు కూడా అటూ ఇటూగా అంతే వచ్చింది. ఆ అంకె చూసినప్పుడు చేతులు చల్లబడ్డాయి. ఎవరో ఇద్దరు ముగ్గురు ఆలస్యంగా రావడం వల్ల పడిన కోత కాదిది. అందరికీ, రోజూ, రూలే కోస్తోంది.

వాళ్లు 5:43కు ఎందుకు పంచ్ చేసేవాళ్లో కూడా చెప్పాలి, ఎందుకంటే తర్వాత మీటింగులో మా జీఎం మొదట అడిగింది అదే. "ఐదున్నరకు సైరన్ కొడితే 5:43 దాకా గేటు దగ్గర ఏం చేస్తున్నారు?" అన్నాడు. కబుర్లు చెప్పుకోవడం లేదు. సైరన్ కొట్టినా బెల్టు మీద ఉన్న పండు అయిపోయేదాకా కదలకూడదని చెప్పేది నేనే. కోసిన పండు బెల్టు మీద ఉండిపోతే నల్లబడుతుంది. దానికి ఐదారు నిమిషాలు. తర్వాత సొన పోయేలా చేతులు కడగాలి. తర్వాత 172 మందికి ఉన్నది ఒక్క మిషన్, అదీ తడి వేలిని మూడుసార్లు తిప్పికొట్టే మిషన్. లైన్లో వెనక ఉన్నవాళ్లకు ఐదూ నలభై దాటకుండా ఎలా ఉంటుంది? సరిగ్గా పావు దాటేలోపే ఆ లైను అయిపోయేది. అంటే అందరికీ పెద్ద కోత పడే చోటే వాళ్లను నిలబెట్టాం మేం.

సోమవారం పొద్దున్నే అకౌంటెంట్ దగ్గరికి పోయాను. సాఫ్ట్‌వేర్ సెట్టింగ్ తెరిచి చూపించాడు. `Round In: Up`, `Round Out: Down`, కింద 15. "ఇది ఎవరు పెట్టమన్నారు?" అని కొంచెం గొంతు పెంచే అడిగాను. ఆయన మాట్లాడకుండా బీరువా తెరిచి, 2010లో మిషన్ బిగించినప్పటి ఫైలు తీసి, ఒక కాగితం నా ముందు పెట్టాడు.

నా రాత. కింద నా సంతకం.

మిషన్ రాకముందు మా దగ్గర ఇత్తడి బిళ్లలుండేవి. ఒక్కొక్కరికి ఒక నంబరు బిళ్ల. పొద్దున వస్తూ బోర్డు మీది మేకుకు తగిలించాలి, సాయంత్రం పోతూ తీసుకోవాలి. టైమ్‌కీపర్ తాత ఉండేవాడు, గోడ గడియారం చూసి పావుగంటకోసారి బోర్డు మూసేసేవాడు. ఏడు దాటి వస్తే ఏడుంబావు బిళ్ల. ఆలస్యంగా వచ్చేవాళ్లకు భయం ఉండాలని అలా పెట్టారు. సాయంత్రం ఊరికే నిలబడి ఓవర్‌టైమ్ రాయించుకోకూడదని పోయేటప్పుడు వెనక పావుకు. తాతకు చూపు ఆనక, నిమిషాలు రాయడం రాక, పావుల్లోనే రాసేవాడు. మిషన్ బిగించడానికి వచ్చిన కుర్రాడు "ఇప్పుడు మీ రూలేంటో రాసివ్వండి సార్" అంటే, ఉన్న రూలు ఉన్నట్టు రాసిచ్చాను. రెండు నిమిషాల పని. ఇప్పుడు నిమిషం చూపించే మిషన్ వచ్చింది, ఇంక పావు ఎందుకని ఆ రోజు ఎవరికీ తోచలేదు, నాకు అసలే తోచలేదు.

బిళ్లల కాలంలో రోజుకు రెండే గుర్తులు. పొద్దున కోత ఎవరికీ పడదు కాబట్టి, మిగిలింది సాయంత్రం ఒక్కటే. 2011లో భోజనానికి పోయి కొందరు గంటసేపు రావడం లేదని భోజనం పంచ్‌లు పెట్టారు. రెండు గుర్తులు నాలుగయ్యాయి. పాత రూలు కొత్త పంచ్‌లకూ తనంతట తనే అంటుకుంది. ఎవరూ ఏదీ మార్చలేదు, కోత మాత్రం మూడింతలైంది. తొందరగా వచ్చే మనిషీ ఆలస్యంగా వచ్చే మనిషీ అన్న తేడా కూడా పోయింది.

జీఎం మొదట్లో నా మీదే ఎగిరాడు. "నువ్వు ఎవరి మనిషివయ్యా? సీజన్ మధ్యలో ఇది బయటికి పోతే బెల్టు ఆపేస్తారు" అన్నాడు. తర్వాత "ఇదేమన్నా మనం ఎత్తుకుపోయామా, రూలు. ఆలస్యమైతే కోత ఎక్కడైనా ఉంటుంది" అన్నాడు. ఆ మాటకు జవాబు మా అకౌంటెంట్ దగ్గరే దొరికింది. మనిషి నెమ్మదస్తుడు, కానీ చట్టాల పుస్తకం మాత్రం టేబుల్ మీదే ఉంచుకునేవాడు. అప్పటికి అమల్లో ఉన్నది 1936 నాటి వేతనాల చెల్లింపు చట్టం. అందులో 9వ సెక్షన్ తీసి చదివాడు. పనికి రాని సమయానికి కూలీ కోయొచ్చు, కానీ ఎంతసేపు రాలేదో ఆ పాలుకు మించి కోయకూడదు. మూడు నిమిషాలు ఆలస్యమైతే మూడు నిమిషాల కూలీ కోయాలి. పదిహేను నిమిషాలది కోస్తే మిగతా పన్నెండూ మనం తీసుకున్నట్టే. ఇంక సాయంత్రం సంగతి చెప్పనక్కర్లేదు, అక్కడ వాళ్లు ఆలస్యమే కాలేదు, మనకోసం ఎక్కువసేపు ఉన్నారు.

పెద్దాయన, అంటే ఓనరు, బుధవారం వచ్చాడు. ఆయన ముందు ఎక్సెల్ షీటు ప్రింటు పెట్టాం. కళ్లజోడు పైకెత్తి కాసేపు చూసి, "ప్లస్ ఏదీ లేదేమిరా?" అన్నాడు. నేను మూడు రోజులు వివరించింది ఆయన ఒక్క ముక్కలో పట్టేశాడు. వ్యాపారస్తుడు కదా, లెక్క ఎటు వంగిందో చూపుతోనే తెలుస్తుంది.

ఇకముందు ఎలా అన్నదానికి జీఎం దగ్గరి పావుకు జరిపే పద్ధతి పెడదామన్నాడు. దాన్లోనూ ఒక చిక్కుంది, ఎక్సెల్‌లో అదీ కనబడింది. నిమిషాలు అటూ ఇటూ చెదిరి ఉంటేనే ప్లస్సూ మైనస్సూ కొట్టేసుకుంటాయి. మా భోజనం పంచ్ చెదరదు. సైరన్ పదకొండుకు కొడితే అందరూ 11:02 నుంచి 11:07 లోపే బయటికి పోతారు. అందరికీ వెనక్కే జరుగుతుంది, రోజూ. సైరన్ కొట్టే టైము నాలుగు నిమిషాలు అటు జరిపితే చాలు, ఎవరికి లాభం కావాలంటే వాళ్లకు తిప్పుకోవచ్చు. పెద్దాయన వినీ వినగానే "మిషన్ నిమిషం చూపిస్తావుంటే మనకెందుకు పావు? నిమిషానికే ఇవ్వండి" అన్నాడు. గేటు దగ్గర రెండో మిషన్ పెట్టించాం. లైను నిమిషాలకు కూడా ఇప్పుడు డబ్బు ఇవ్వాలి కాబట్టి, ఆ మిషన్ కొనడానికి ఒక్కరూ అడ్డు చెప్పలేదు. నాలుగేళ్లు నేను అడిగితే రాని మిషన్ నాలుగు రోజుల్లో వచ్చింది.

పాతది తిరిగి ఇవ్వడం దగ్గరే అసలు తలనొప్పి. మా వేలిముద్ర మిషన్‌లో లక్ష పంచ్‌లు పడతాయి. లక్ష దాటితే పాతవి చెరిగిపోయి కొత్తవి ఎక్కుతాయి. బెల్టువాళ్లవే రోజుకు దాదాపు ఏడు వందలు. ఆ సీజన్‌లో అప్పటికి యాభై అయిదు రోజులు నడిచింది, అంటే దాదాపు నలభై వేలు. మిగతా అరవై వేలూ పోయిన ఏడాదివి, ఆ సీజన్ మొదటి కొన్ని రోజులు తప్ప మొత్తం ఉంది. అంతకు ముందువి లేవు. కూలీ సాఫ్ట్‌వేర్‌లో 2010 నుంచీ ఉన్నాయి, కానీ అన్నీ పావుల్లో. 5:30 అని ఉంటే అది 5:31 కావొచ్చు, 5:44 కావొచ్చు, వెనక్కి తీసుకురావడానికి దారిలేదు. రోజుకు ఇరవై ఒక్క నిమిషాలని సగటు కట్టి ఇద్దామని నేను రాసిపెట్టాను. భోజనం పంచ్‌లు లేని ఏడాదికి ఏడే కట్టాను. జీఎం దానికి ఒప్పుకోలేదు. చట్టం ప్రకారం అయినా ఏడాది లోపు కోతకే కదా క్లెయిము వేయగలిగేది, మనం రెండు సీజన్లూ ఇస్తున్నాం అన్నాడు. నేను ఇంకా పట్టుబట్టి ఉండాల్సింది. పట్టుబట్టలేదు. ఆ కాగితం మీద నా సంతకం ఉందన్న సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు, నాకు మరీ తెలుసు.

ఆగస్టు మొదటి వారంలో కవర్లు పంచాం. మేస్త్రీ చేతికిస్తే సగం మధ్యలోనే ఆగిపోతుందని, ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిచి చేతికే ఇచ్చాం. లోపల డబ్బుతో పాటు ఒక చీటీ పెట్టాం. ఏ రోజు, ఎన్ని నిమిషాలు, ఎన్ని రూపాయలు అని. చాలామంది చీటీ చూడలేదు, డబ్బు లెక్కపెట్టుకుని రొంటిన దోపుకున్నారు. కొంతమంది ఇది బోనస్ అనుకున్నారు. "దసరాకు ముందే ఇస్తా ఉండారే" అని ఒకావిడ నవ్వింది. కాదమ్మా, మీదే, మీ నిమిషాలే అని చెప్పబోయి గొంతు పెగల్లేదు. పోయిన సీజన్ చేసి ఈ ఏడాది రానివాళ్లు ఇరవై తొమ్మిది మంది తేలారు. ఊళ్లు కనుక్కుని పద్దెనిమిది మందికి పంపగలిగాం. పదకొండు కవర్లు నా డ్రాయరులో ఉండిపోయాయి, సీజన్ అయ్యాక అకౌంట్స్‌కు ఇచ్చేశాను.

గుడిపాలక్క ఒక్కతే చీటీ ముందు చూసింది. వేలు పెట్టి బుధవారం వరస వెతికి, పుస్తకం తీసి పక్కన పెట్టుకుని పోల్చింది. 29 దగ్గర వేలు ఆపింది. తర్వాత డబ్బు లెక్కపెట్టుకుంది.

"మా చెల్లెలు రెండు సీజన్లు ఈడే చేసింది సార్, పదకొండులో, పన్నెండులో. పెండ్లై మద్రాసు పోయింది. దాని లెక్క?"

ఆ ఏళ్లవి మిషన్‌లో లేవక్కా అన్నాను.

"అది పుస్తకం రాయించలేదు లే" అంది. కోపంగా అనలేదు. ఊరికే, అవును కదా అన్నట్టు అంది.

ఇంక నిమిషానికే కడతాం, ఈ పుస్తకం పని ఇంక నీకు లేదక్కా అని చెప్పాను. సరే సార్ అని తలూపింది. సాయంత్రం 5:38కి రెండో మిషన్ దగ్గర ఉన్నాను. కొత్త మిషన్ కదా, కొంచెం మెరుగు, రెండోసారికే పచ్చలైటు వెలిగింది. అక్క పక్కకు జరిగి, రవికెలోంచి బటన్ ఫోన్ తీసి, టైము చూసుకుని, పెదాలు కదుపుతూ బస్సు వైపు నడిచింది.